రేకుల పనికి ముందు టూల్‌బాక్స్ టాక్: సోమవారం ఉదయం 7:45, మేడ్చల్ గోడౌన్

టైమ్ 10 నిమిషాలు. నిచ్చెన దగ్గరే నిలబెట్టి మాట్లాడాలి, ఆఫీసు షెడ్డులో వద్దు. మొత్తం 11 మంది. ఒడిశా నుంచి వచ్చిన ముగ్గురికి మేస్త్రి పక్కనే ఉండి హిందీలో చెప్పాలి. పోయినసారి 22 పాయింట్ల కాగితం చదివాను, వెనక వరసలో ఒకడు నిలబడే కునుకు తీశాడు. ఈసారి ముఖ్యంగా చెప్పేది లైట్ షీట్ల గురించి.

ముందు ముఖాలు చూడాలి. జ్వరం, నిద్రలేమి, రాత్రి మందు ఏదున్నా ఆ మనిషికి ఈ రోజు కిందే పని. కూలి మాత్రం కొయ్యం. ఆ మాట ముందే చెప్పకపోతే ఎవరూ నిజం చెప్పరు.

తర్వాత ఇలా:

"అన్నా, పైకప్పు 9 మీటర్లు. ఇనుప రేకుల మధ్య తెల్లగా కనబడేవి లైట్ షీట్లు. దుమ్ము పడితే రెండూ ఒకేలా ఉంటాయి. లైట్ షీట్ మీద కాలు పెడితే మనిషి బరువుకి పగిలిపోతుంది. నిన్న సాయంత్రం అన్నింటి చుట్టూ ఎర్ర రంగు కొట్టించాను. ఆ గీత లోపల అడుగు వద్దు. దాటాలంటే పలక మీదే. మంచు తడి ఆరేదాకా, అంటే 8:30 దాకా, పైకి ఎవరూ ఎక్కొద్దు."

ఇప్పుడు చెత్తలో పడేసిన పాత హార్నెస్ తీయాలి. బెల్టును రెండు చేతులతో వంచితే వెల్డింగ్ నిప్పురవ్వ కాల్చిన చోట పోగులు పైకి లేస్తాయి. చేతులు మార్చి అందరితో తడిమించాలి. ఆ తర్వాత ఎవరి బెల్టు వాళ్లు అలాగే వంచి చూసుకోవాలి. డి రింగ్ రెండు భుజాల మధ్య, వీపు మీద ఉండాలి.

"హుక్ లైఫ్‌లైన్‌కే. పర్లిన్‌కి కాదు, పైపుకి కాదు. రెండు హుక్‌లు ఇచ్చింది ఎందుకు?" (జవాబు వాళ్ల నోటే రావాలి: ఒకటి పట్టాకే ఇంకోటి విప్పాలి.)

ఆఫీసు వైపు సంగతి విడిగా చెప్పాలి. అక్కడ రేకుకూ కింది స్లాబుకూ మధ్య 4 మీటర్లే. తాడు 1.8 మీటర్లు, షాక్ అబ్జార్బర్ దాదాపు అంతే సాగుతుంది, ఆపైన మనిషి పొడవు, కాళ్ల కింద కాస్త ఖాళీ. అన్నీ కలిపితే దాదాపు 6 మీటర్ల ఖాళీ కావాలి. అంటే తాడు ఆపేలోపే స్లాబు తగులుతుంది. రేకుల కింద నెట్ కట్టి నేను చూసేదాకా ఆ వైపు పని లేదు. మేస్త్రి తొందరపెట్టినా సరే.

ఎవరైనా జారి వేలాడితే: బెల్టు తొడలను నొక్కి రక్తం కాళ్లలోనే ఆగిపోతుంది, నిమిషాల్లో దించాలి. మ్యాన్‌లిఫ్ట్ తాళం ఆపరేటర్ జేబులో ఉండాలి, ఆపరేటర్ షెడ్డు పక్కన ఉండాలి. టీకి వెళ్తే పైనున్నవాళ్లు దిగాకే. 108కి ఫోన్ చేసేది స్టోర్ కీపర్.

చివర్లో కొత్తగా వచ్చిన ముగ్గుర్నీ అడగాలి: "ఎర్ర గీత అంటే ఏంటి? హుక్ ఎక్కడ?" జవాబు సరిగ్గా వస్తేనే రిజిస్టర్‌లో వేలిముద్రో, సంతకమో. రాకపోతే మళ్లీ మొదటి నుంచి, 8:30 దాటినా.