బిల్లింగ్ మార్పు ప్రాజెక్ట్: ఏం జరిగింది, ఏం నేర్చుకున్నాం

స్లైడ్ 1. మొదలుపెట్టే ముందు

అందరికీ నమస్కారం. నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999లో అంగారకుడి దగ్గరికి చేరగానే పోయింది. నేల మీద వాడిన ఒక సాఫ్ట్‌వేర్ లెక్కలు పౌండ్లలో ఇచ్చింది, వాటిని తీసుకున్న సాఫ్ట్‌వేర్ న్యూటన్లు అనుకుంది. ఆ లెక్క రాసిందెవరు అన్న దగ్గర ఆగి ఉంటే విచారణ ఒక్క రోజులో ముగిసేది. కానీ విచారణ బోర్డు ఇంకో ప్రశ్న కూడా వేసుకుంది: ఆ తేడా ప్రయాణం పొడవునా ఎవరి కంటా ఎందుకు పడలేదు? ఈ రోజు మనకి కావాల్సింది అలాంటి ప్రశ్నే.

అందుకే ఈ స్లైడ్లలో ఎవరి పేరూ లేదు. ఒక్కరే చేసే పని అయితే హోదా పేరు కూడా రాయలేదు, ఎందుకంటే అది పేరు చెప్పినట్టే అవుతుంది. అలాగని "పొరపాటు జరిగిపోయింది" అని దాటవేయడం కూడా లేదు. ఏ నిర్ణయం తీసుకున్నాం, అప్పటికి మన చేతిలో ఏ సమాచారం ఉంది, అది అప్పుడు ఎందుకు సరైనదనిపించింది, ఈ మూడూ చెబుతాను. నేను చెప్పేదాంట్లో తేడా ఉంటే మధ్యలోనే ఆపండి.

స్లైడ్ 2. అనుకున్నది, అయినది

14 వారాల్లో అయిపోవాల్సిన ప్రాజెక్ట్ 20 వారాలు పట్టింది. మార్పు రాత్రి సైట్ 20 నిమిషాలు ఆగుతుందనుకున్నాం, 85 నిమిషాలు ఆగింది. 1,140 మంది కస్టమర్ల కార్డుల నుంచి డబ్బు రెండుసార్లు వెళ్లింది. నాలుగు రోజుల్లో అందరికీ వెనక్కి ఇచ్చేశాం. ఇప్పుడు కొత్త సిస్టమ్ సరిగ్గా నడుస్తోంది.

స్లైడ్ 3. ఆ శనివారం రాత్రి

ఇది చాట్ నుంచి, లాగ్ ఫైళ్ల నుంచి తీసిన టైమ్‌లైన్. జ్ఞాపకం మీద రాసింది ఒక్క లైను కూడా లేదు.

11:00 — సైట్ మెయింటెనెన్స్‌లోకి వెళ్లింది.
11:12 — కొత్త ఇండెక్స్ కమాండ్ మొదలైంది.
11:15 — రోజూ రాత్రి నడిచే వసూళ్ల జాబ్ తన టైమ్‌కి తను మొదలైంది.
11:41 — డబ్బు రెండుసార్లు పోయిందని మొదటి కస్టమర్ మెసేజ్.
11:52 — జాబ్ ఆపేశాం.
12:00 — ఇండెక్స్ పూర్తయింది.
12:25 — సైట్ తెరుచుకుంది.

11:15 దగ్గర కాసేపు ఆగుదాం. ఇండెక్స్ కట్టే కమాండ్ `invoices` టేబుల్‌లోకి రాయడాన్ని ఆపేసింది. జాబ్ మాత్రం ముందు పేమెంట్ గేట్‌వేకి వెళ్లి డబ్బు తీసుకుంటుంది, ఆ తర్వాతే టేబుల్‌లో రాస్తుంది. డబ్బు వచ్చింది, రాయడం ఆగింది. 30 సెకన్లకి టైమ్‌అవుట్. జాబ్ దృష్టిలో అది ఫెయిల్ అయిన వసూలు కాబట్టి ఇంకోసారి ప్రయత్నించింది. రెండోసారీ డబ్బు వచ్చింది. 32 వర్కర్లు 37 నిమిషాల పాటు ఇదే పని చేశాయి. ఒక్కో భాగాన్ని విడిగా చూస్తే అన్నీ రాసినట్టే పనిచేశాయి.

స్లైడ్ 4. ఇండెక్స్ కమాండ్ అలా ఎందుకుంది

మొదట రాసిన కమాండ్ ఇది:

```sql
CREATE INDEX CONCURRENTLY idx_invoice_customer
ON invoices (customer_id, due_date);
```

`CONCURRENTLY` ఉంటే టేబుల్‌లోకి రాయడం ఆగదు. కానీ మన మైగ్రేషన్ టూల్ ప్రతి మార్పునీ ట్రాన్సాక్షన్‌లో పెట్టి నడుపుతుంది. దాంతో ఈ ఎర్రర్ వచ్చింది:

```
ERROR: CREATE INDEX CONCURRENTLY cannot run inside a transaction block
```

ఆ ఒక్క మాట తీసేస్తే టూల్ ఒప్పుకుంది. టెస్ట్ డేటాబేస్‌లో ఒక్క సెకనులో అయిపోయింది. రివ్యూలో ఇద్దరం చూసి సరే అన్నాం, ఆ ఇద్దరిలో నేనూ ఉన్నాను. టెస్ట్‌లో ఉన్నవి రెండు లక్షల వరుసలు, అసలు టేబుల్‌లో తొమ్మిది కోట్లు. మా ముందున్న స్క్రీన్ మీద ఆ తేడా ఎక్కడా కనబడదు. సైట్ ఎలాగూ ఆపుతున్నాం కదా, రాయడం ఆగితే నష్టమేంటి అనుకున్నాం. ఆ మాట సైట్ వరకు నిజమే.

ఇక్కడ "నాదే తప్పు" అని నేను చెప్పేయగలను. చెబితే మీరు కూడా ఊరుకుంటారు, చర్చ అక్కడితో ఆగిపోతుంది. వచ్చే ఏడాది నా స్థానంలో ఇంకొకరు ఉంటారు, టూల్ మాత్రం అలాగే ఉంటుంది.

స్లైడ్ 5. జాబ్ ఎందుకు ఆగలేదు

మన చెక్‌లిస్ట్‌లో 31 పనులున్నాయి, అన్నీ సైట్‌వే. వసూళ్ల జాబ్ వేరే షెడ్యూలర్‌లో ఉంది. రాత్రిపూట ఏమేం నడుస్తాయో ఒకే చోట చూపించే జాబితా మన దగ్గర లేదు. ఆ జాబ్ గురించి తెలిసినవాళ్లు ఉన్నారు, కానీ ప్లానింగ్ మీటింగ్‌కి వాళ్లని పిలవలేదు. పిలవాలని చెప్పే పద్ధతీ లేదు.

దానికంటే లోతైన సంగతి ఇంకొకటుంది. గేట్‌వేకి పంపే ప్రతి వసూలుకీ ఒక ప్రత్యేక కీ జత చేస్తే, అదే కీతో రెండోసారి వెళ్లినప్పుడు గేట్‌వే కొత్తగా డబ్బు తీసుకోదు. మన జాబ్ ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ తయారుచేస్తోంది. మామూలు రోజుల్లో టైమ్‌అవుట్లు రావు కాబట్టి ఇది బయటపడలేదు. ఈ మార్పు లేకపోయినా ఏదో ఒక రోజు నెట్‌వర్క్ నెమ్మదిస్తే ఇదే జరిగేది.

స్లైడ్ 6. ఆరు వారాల ఆలస్యం

ఇందులో ఐదు వారాలు పన్ను లెక్కల దగ్గరే పోయాయి. పాత సిస్టమ్ ప్రతి వస్తువు మీద పన్నుని రౌండ్ చేసేది, కొత్తది మొత్తం బిల్లు మీద చేస్తుంది. రెండు టీమ్‌లూ "అవతలివాళ్లు సరిచూస్తున్నారు" అనుకున్నాయి. రెండింటి ప్లాన్‌లలోనూ ఆ పని ఎదురుగా రాసింది ఒక్కటే: "ఇరు టీమ్‌లు". మిగిలిన వారం మామూలు టెస్టింగ్‌కి పోయింది, అందులో చెప్పుకోవాల్సిందేమీ లేదు.

స్లైడ్ 7. బాగా జరిగినవి

మొదటి మెసేజ్ వచ్చిన 11 నిమిషాల్లో జాబ్ ఆగింది. సపోర్ట్‌లో ఉన్నవాళ్లు ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడకుండా నేరుగా మార్పు జరుగుతున్న చాట్‌లో రాశారు, అందుకే అంత త్వరగా తెలిసింది. పొద్దున్నే కస్టమర్లకి వెళ్లిన ఉత్తరంలో ఏం జరిగిందో, డబ్బు ఎప్పుడు వస్తుందో ఉన్నదున్నట్టు రాశాం.

స్లైడ్ 8. ఏం మారుస్తున్నాం

ఒక వసూలుకి ఒకే కీ, ఎన్నిసార్లు ప్రయత్నించినా అదే కీ. ఇది నిన్ననే టెస్టింగ్‌కి వెళ్లింది, వచ్చే శుక్రవారానికి లైవ్ అవుతుంది. బాధ్యత పేమెంట్స్ టీమ్‌ది. మిగతావన్నీ ఆలస్యమైనా ఇది ఆగకూడదు.

మైగ్రేషన్ టూల్‌లో ట్రాన్సాక్షన్ లేకుండా నడిపే వీలు, `lock_timeout` డిఫాల్ట్‌గా 5 సెకన్లు. ప్లాట్‌ఫామ్ టీమ్, రెండు వారాలు. `CONCURRENTLY` మధ్యలో ఆగితే పనికిరాని ఇండెక్స్ మిగిలిపోతుంది కాబట్టి దాన్ని గుర్తించే చెక్ కూడా ఇందులోనే వస్తుంది.

రాత్రి జాబ్‌లన్నిటి జాబితాని షెడ్యూలర్ల నుంచే ఆటోమేటిక్‌గా తయారుచేస్తాం, చేత్తో రాస్తే నెలకే పాతబడుతుంది. నెల రోజులు, ప్లాట్‌ఫామ్ టీమే. ప్లాన్‌లో "ఇరు టీమ్‌లు" అని రాయడం ఈ రోజు నుంచే మానేస్తున్నాం, ప్రతి పనికీ ఒకే టీమ్ ఉంటుంది.

"ఇకపై జాగ్రత్తగా ఉండాలి" అన్న సూచన నాలుగుసార్లు వచ్చింది, నాలుగూ తీసేశాను. ఆ రాత్రి కూడా అందరూ జాగ్రత్తగానే ఉన్నారు.

స్లైడ్ 9. మీ మాట

మిగిలిన ఇరవై నిమిషాలు మీవి. ముందు సపోర్ట్‌వాళ్లు మాట్లాడతారు, ఆ వారమంతా కస్టమర్ల ఫోన్లు తీసుకున్నది వాళ్లే. నాకు ఇంకా జవాబు దొరకని ప్రశ్న ఒకటుంది: 11:15 నుంచి 11:41 వరకు మన స్క్రీన్లన్నీ పచ్చగానే ఉన్నాయి. అప్పుడు ఏ నంబర్ చూసి ఉంటే మనకి తెలిసేది?