మందు ఘటన నివేదిక: ఇన్సులిన్ ఆర్డరు 12 యూనిట్లు, ఇచ్చింది 30 యూనిట్లు

ఘటన తేదీ 14-10-2025. మెడికల్ వార్డు, పడక 7. పేషెంటు పురుషుడు, 58 ఏళ్లు, టైప్ 2 మధుమేహం. రాసినది: రాత్రి డ్యూటీ ఇన్‌చార్జ్ నర్సు, 15-10-2025, 06:10.

సమయాలన్నీ వార్డు గోడ గడియారం ప్రకారం. గ్లూకోమీటరు గడియారం 4 నిమిషాలు ముందుంది. అందులో ఉన్న సమయాల నుంచి ఆ 4 నిమిషాలు తీసేసి రాశాను. స్వయంగా చూడని సంగతుల దగ్గర ఎవరు చెప్పారో రాశాను.

జరిగింది

డాక్టరు ఆర్డరు: రెగ్యులర్ ఇన్సులిన్ 12 యూనిట్లు, చర్మం కింద, రాత్రి భోజనానికి అరగంట ముందు. మందుల చార్టులో అంకె, "యూనిట్లు" అన్న మాట పూర్తిగా రాసి ఉన్నాయి.

19:10కి రక్తంలో చక్కెర 212 మి.గ్రా./డె.లీ. 19:20కి పొట్ట మీద ఇంజెక్షన్ ఇచ్చినట్టు చార్టులో సంతకం ఉంది. మందు తీస్తుండగా గానీ ఇస్తుండగా గానీ నేను చూడలేదు. ఇచ్చిన నర్సు 19:50కి నాతో అన్న మాటలు: "సిరంజిలో 12 గీత దాకా తీశాను."

19:45కి రెండో నర్సు పడక 9కి మందు సిద్ధం చేస్తూ, ట్రేలో ఉన్న వాడిన సిరంజికి ఎర్ర మూత ఉందని నాకు చూపించారు. నేను చూసినప్పుడు సిరంజి మీద "40 యూనిట్లు/మి.లీ.", పక్కనున్న వయల్ లేబుల్ మీద "100 యూనిట్లు/మి.లీ." అని ఉన్నాయి. 40 సిరంజిలో 12 గీత అంటే 0.3 మి.లీ.; ఆ వయల్ మందు 0.3 మి.లీ.లో 30 యూనిట్లు ఉంటాయి. ఈ లెక్కను 19:55కి ఫార్మసిస్టు విడిగా వేసి, అంతేనని ఫోన్‌లో చెప్పారు.

(19:45 స్థానంలో మొదట 19:40 అని రాశాను. ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సంతకం, సమయం వేశాను.)

పేషెంటు పరిస్థితి, చేసిన పనులు

19:48కి చక్కెర 204. స్పృహలో ఉన్నారు, ఇబ్బంది ఏదీ చెప్పలేదు. 19:50కి డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేశాను, 19:58కి వచ్చారు. ఆదేశాలు: వెంటనే భోజనం, ప్రతి అరగంటకు చక్కెర, చేతికి కాన్యులా, మంచం పక్కన 25 శాతం డెక్స్‌ట్రోజ్ సిద్ధంగా ఉంచడం, పొటాషియం పరీక్ష. 20:00కి భోజనం పెట్టాం, దాదాపు సగం తిన్నారు.

20:20కి 171, 20:50కి 96. 21:15కి పేషెంటు "చేతులు వణుకుతున్నాయి" అన్నారు. నుదుటి మీద చెమట ఉంది. చక్కెర 64, నాడి 104, బీపీ 118/74. పేరు, తేదీ అడిగితే సరిగా చెప్పారు. 21:17కి 15 గ్రా. గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించాం. 21:32కి 78. డాక్టరు ఆదేశంతో 21:35కి 10 శాతం డెక్స్‌ట్రోజ్ గంటకు 60 మి.లీ. చొప్పున మొదలైంది. 22:05కి 112, వణుకు లేదు. 22:10 నమూనాలో పొటాషియం 3.8 మిల్లీమోల్/లీ.

ఆ తర్వాత 03:30 వరకు చక్కెర 98కి తగ్గలేదు, 141 దాటలేదు. 03:30కి డాక్టరు ఆదేశంతో డెక్స్‌ట్రోజ్ ఆపాం. 04:00కి 128, 04:30కి 121, 05:30కి 117. స్పృహ తప్పడం, ఫిట్స్, కింద పడడం జరగలేదు. 25 శాతం డెక్స్‌ట్రోజ్ వాడలేదు.

పేషెంటుకు, కుటుంబానికి చెప్పింది

20:10కి డాక్టరు నా ఎదుటే పేషెంటుకు, ఆయన అనుమతితో కూతురికి చెప్పారు: "12 యూనిట్లు రాశాం, 30 యూనిట్లు వెళ్లాయి. చక్కెర బాగా పడిపోవచ్చు, అందుకే రాత్రంతా చూస్తుంటాం. ఇలా జరిగినందుకు బాధగా ఉంది." కూతురు "ఇదెలా జరిగింది?" అని అడిగారు. "పరిశీలన ఇంకా జరగలేదు, తెలిశాక మీకు చెబుతాం" అన్నారు డాక్టరు.

భద్రపరిచినవి, గమనించినవి

సిరంజిని సూదులు గుచ్చుకోని గట్టి డబ్బాలో, వయల్‌ను లేబుల్ కనిపించేలా సంచిలో పెట్టి సీలు వేశాను. 20:40కి ఫార్మసీకి అప్పగించి సంతకం తీసుకున్నాను. 20:25కి ఇన్సులిన్ సొరుగులో ఎర్ర మూత సిరంజిలు 14, నారింజ మూతవి 6 ఒకే అరలో ఉన్నాయి. రెండు రకాలనూ వేరు చేసి పెట్టాం. మందు తీసేటప్పుడు రెండో వ్యక్తి సరిచూసినట్టు చార్టులో సంతకం లేదు. సరిచూశారా లేదా అన్నది నాకు తెలియదు.

కేస్ షీటులో రాసింది

"19:20: రెగ్యులర్ ఇన్సులిన్ 30 యూనిట్లు చర్మం కింద (ఆర్డరు 12 యూనిట్లు). 19:50 డాక్టరుకు తెలియజేశాం. 21:15 చక్కెర 64, వణుకు, చెమట. నోటి ద్వారా గ్లూకోజ్ 15 గ్రా., 21:35 నుంచి 10 శాతం డెక్స్‌ట్రోజ్. 05:30 చక్కెర 117, స్పృహలో ఉన్నారు. పేషెంటుకు, కూతురికి డాక్టరు వివరించారు."

ఈ నివేదిక ప్రతిని కేస్ షీటులో పెట్టలేదు. 06:30కి నర్సింగ్ సూపరింటెండెంటుకు అందజేస్తాను.