మిర్చి కోల్డ్ స్టోరేజీ నిల్వ లెక్కల కోసం ప్రతిపాదన: తొలి భాగం

ఏనుమాముల మార్కెట్ రోడ్డులోని కోల్డ్ స్టోరేజీ భాగస్వాములకు, హన్మకొండ నుంచి నమస్కారాలతో రాయునది.

ఏనుమాముల యార్డులో మచ్చు చూపించి ధర కుదుర్చుకున్న రైతు చిట్టీ పట్టుకొని మీ గేటు దగ్గరికి వచ్చాక, అతని బస్తాలు ఏ ఛాంబర్లో, ఏ అంతస్తులో, ఏ వరుసలో ఉన్నాయో వెతికి బయటికి తీసేసరికి చాలాసార్లు రెండు మూడు గంటలు గడిచిపోతున్నాయి, ఆ ఆలస్యం వల్ల కాంటా మరునాటికి పడి ఈలోగా ధర తగ్గితే నష్టం రైతుకూ మాట మీకూ వస్తున్నది. బస్తాలు మొదట దించిన చోటు మీ రిజిస్టరులో తప్పు లేకుండానే ఉన్నది గాని, దారి కోసమో కొత్త సరుకు కోసమో ఒక లాటును పక్కకు జరిపిన ప్రతిసారీ ఆ కొత్త చోటు కాగితం మీదికి రాక హమాలీ మేస్త్రీ గారి జ్ఞాపకంలోనే ఉండిపోవడం వల్ల, ఆయన రాని రోజున లెక్క సరిగ్గా ఉండి కూడా సరుకు దొరకడం లేదు.

మీ ఇబ్బందిని మేము అర్థం చేసుకున్నంతా ఈ రెండు వాక్యాల్లోనే ఉన్నది. మేము చేయబోయే పని, అడగబోయే రుసుము, పెట్టుకున్న గడువు అన్నీ వీటి మీదే నిలబడతాయి కనుక, ఈ అవగాహన మాకు ఎట్లా కలిగిందో ముందుగా మీకు చెప్పుకోవలసి ఉన్నది.

మీరు జులైలో ఫోన్ చేసినప్పుడు కిరాయి బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్ కావాలన్నారు, మేమూ ఆ ప్రకారమే ఒక ముసాయిదా తయారు చేసుకున్నాము. ఆగస్టులో మీ అనుమతితో మూడు రోజులు ప్లాట్‌ఫారం మీద కూర్చొని డెలివరీలను చూసిన తర్వాత ఆ ముసాయిదాను పక్కన పెట్టాము. కిరాయి లెక్క మీ గుమాస్తా గారు చేతితోనే పది నిమిషాల లోపు పూర్తి చేస్తున్నారు, మేము చూసినంతలో అందులో ఒక్క పొరపాటు కూడా రాలేదు. రైతు నిరీక్షణ అంతా బిల్లు బల్ల దగ్గర కాక ఛాంబరు తలుపు దగ్గర జరుగుతున్నది. బిల్లు ఎంత వేగంగా వచ్చినా బస్తా రానప్పుడు అది ఎవరికీ పనికిరాదు.

ఆ మూడు రోజుల్లో 14 లాట్లకు డెలివరీ చిట్టీలు వచ్చాయి. రిజిస్టరులో రాసిన చోటనే ఉన్న 8 లాట్లు అరగంట లోపే ప్లాట్‌ఫారం మీదికి చేరాయి. చోటు మారిన 6 లాట్లలో అయిదింటికి రెండు గంటల నుంచి మూడు గంటల ఇరవై నిమిషాల దాకా పట్టింది. మిగిలిన ఒకటి, మేస్త్రీ గారు నర్సంపేటలో పెండ్లికి వెళ్లిన రోజున, సాయంత్రం దాకా వెతికినా దొరకలేదు. మరునాడు పొద్దున ఆయన వచ్చి, చిట్టీ కూడా చూడకుండా, మూడో ఛాంబర్లో నాలుగో అంతస్తుకు నేరుగా వెళ్లి ఆ బస్తాలను చూపించారు. మా రెండో వాక్యం పుట్టింది ఆ క్షణంలోనే.

వెతుకులాటలో పోయేది కాలం ఒక్కటే కాదు. పరకాల వైపు నుంచి వచ్చిన ఒక రైతు 62 బస్తాల తేజ రకం కోసం వెతుకుతూ మనుషులు పొరపాటున వేరొకరి బస్తాలు ఇరవై దాకా బయటికి తెచ్చి, తప్పు తెలిసిన తర్వాత మళ్లీ లోపలికి చేర్చారు. చల్లని సరుకుకు బయటి వేడి గాలి తగలగానే బస్తా మీద చెమ్మ పడుతుంది, ఆ చెమ్మతోనే తిరిగి లోపలికి పోయిన మిర్చికి బూజు భయం ఉంటుంది. "తడి తాకినంక లోపల వెడితే రంగు పోతది సార్" అని ఒక హమాలీ అన్న మాట మాకు గుర్తుండిపోయింది. రంగు కాపాడుకోవడానికే కిరాయి కట్టి ఏసీలో పెట్టుకున్న రైతుకు, తన ప్రమేయమే లేని వెతుకులాటలో ఆ రంగు పోవడం న్యాయం కాదని మేము గట్టిగా నమ్ముతున్నాము.

మీరు మాతో ప్రస్తావించని విషయం ఒకటి ఉన్నది, దానిని దాచిపెట్టడం మాకు సరికాదనిపించింది. బ్యాంకు అప్పు ఉన్న లాట్లకు మీ రిజిస్టరులో ఎర్ర సిరాతో గుర్తు పెడుతున్నారు, కాని ఛాంబర్లో ఆ బస్తాల మీద ఏ గుర్తూ లేదు. ఒకే రైతుకు అప్పు ఉన్న లాటు ఒకటి, లేని లాటు ఒకటి ఉండి, రెండూ జరపడంలో పక్కపక్కకు చేరిన సందర్భం మేము ఉన్నప్పుడే కనబడింది. అక్కడ బ్యాంకు అనుమతి లేని సరుకు బయటికి పోకుండా ఆపుతున్నది మళ్లీ మేస్త్రీ గారి జ్ఞాపకమే. ఆలస్యం వల్ల మాట పోతుంది, ఇక్కడ పొరపాటు జరిగితే మీరు బ్యాంకుకు జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ మాకు కనబడలేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వాహనాలు రోడ్డు మీద బారులు తీరి ఉన్నప్పుడు, నడిచే దారుల్లో కూడా బస్తాలు పేర్చి తర్వాత సర్దుకోవడం తప్ప మీ మనుషులకు మరో మార్గం లేదు, ఆ తొందరలో ఎవరో వచ్చి రాసుకుంటారని కూర్చుంటే దించడమే ఆగిపోతుంది. పందొమ్మిది ఏండ్లుగా ఇదంతా మనసులో మోస్తున్న మేస్త్రీ గారి పనిని తగ్గించి చూపించే ఉద్దేశం మాకు ఏమాత్రం లేదు. ఆయనకు తెలిసినది ఆయన సెలవు పెట్టిన రోజున కూడా సంస్థకు తెలిసి ఉండాలన్నదే మా ఉద్దేశం.

కనుక మేము ప్రతిపాదించే పని చిన్నది. రిజిస్టరు యథాతథంగా ఉంటుంది, కిరాయి లెక్కను మేము ముట్టుకోము. ప్రతి లాటుకు నంబరు బిళ్ల, అప్పు ఉన్న లాటుకు ఎర్ర బిళ్ల కట్టి, లాటును జరిపినప్పుడల్లా ఛాంబరు, అంతస్తు, వరుస మూడింటినీ తెలుగులో నొక్కి నమోదు చేసే ఏర్పాటును మేస్త్రీ గారి ఫోన్‌లో పెడతాము. జరిపినందుకు హమాలీలకు ఇచ్చే కూలి చిట్టీ ఆ నమోదు నుంచే వస్తుంది కాబట్టి, రాయడం మరిచిపోయే అవకాశం చాలావరకు తగ్గుతుంది. మొదట మూడో ఛాంబరు ఒక్కదానిలోనే పెట్టి చూస్తాము. మేస్త్రీ గారు లేని రోజున, మీరు మీ ఇష్టప్రకారం ఎంచిన పది లాట్లలో ప్రతి ఒక్కటీ అరగంటలో ప్లాట్‌ఫారం మీదికి వస్తేనే పని నెరవేరినట్టు లెక్క, మిగతా మూడు ఛాంబర్ల మాట ఆ తర్వాతే.

రుసుము గురించి మాట్లాడుకునే ముందు మీతో ఒక మనవి. యార్డుకు సెలవు ఉన్న వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు మేము మీ ఆఫీసుకు వస్తాము, గుమాస్తా గారూ మేస్త్రీ గారూ కూడా ఉండేటట్టు చూడగలరు. పైన రాసిన రెండు వాక్యాలను వారి ఎదుట చదువుతాము. వాటిలో ఏ మాట మీ అనుభవానికి సరిపోకపోయినా అక్కడే దిద్దుకొని, దానికి తగ్గట్టు మిగతా ప్రతిపాదనను మార్చి రాసి తెస్తాము.

ఇట్లు,
మీ విధేయులు,
సాఫ్ట్‌వేర్ రూపకర్తలు, హన్మకొండ