విషయం: జూన్ ప్రకటనల ఖర్చు – ఎంత తిరిగొచ్చింది, మిగతాది ఎప్పటికొస్తుంది

నమస్తే సార్,

నిన్న మీటింగ్‌లో నేను క్లిక్కులు పెరిగాయని చెబుతుంటే "వాటిని బ్యాంకులో వేసుకోవచ్చా?" అన్నారు. సరైన ప్రశ్నే. అందుకే ఈసారి మెటా, గూగుల్ చూపించే అంకెలు పక్కన పెట్టి మన అకౌంట్స్ నుంచే లెక్క తీశాను. వచ్చిన ఒక్క ఆర్డరునే అవి రెండూ చెరో ఖాతాలో రాసుకుంటాయి.

జూన్‌లో జీఎస్టీ కాకుండా ప్రకటనలకు రూ.6,00,000 పెట్టాం. కొత్త కస్టమర్ల ఆర్డర్లు 1,500. అందులో 240 పార్సిళ్లు గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చాయి, దాదాపు అన్నీ క్యాష్ ఆన్ డెలివరీవే. డబ్బు చేతికొచ్చినవి 1,260. అంటే ఒక్కో కొత్త కస్టమరుకు రూ.476 ఖర్చు.

ఇక ఆర్డరు మీద మిగిలేది. జీఎస్టీ తీసేస్తే సగటు అమ్మకం రూ.780. పచ్చడి, సీసా, ప్యాకింగ్ 350, కొరియర్ 95, పేమెంట్ చార్జీలు 20, వెనక్కొచ్చిన పార్సిళ్ల నష్టం పంచితే 29. మిగిలేది రూ.286. మొదటి ఆర్డరులో మనిషికి రూ.190 మన చేతి నుంచే పడుతోంది. జీతాలు, అద్దె ఇందులో కలపలేదు.

మళ్లీ కొన్నప్పుడు ప్రకటన ఖర్చు, రిటర్న్ నష్టం ఉండవు కాబట్టి ఆర్డరుకు రూ.315 మిగులుతుంది. ఆ లెక్కన నూరు మంది కొత్తవాళ్ల నుంచి ఇంకో 60 ఆర్డర్లు వస్తే అసలు తిరిగొచ్చినట్టు. జనవరిలో చేరినవాళ్లు మే నెలాఖరుకి 60 దాటారు. జూన్‌వాళ్లు నవంబరుకి దాటాలి. అయితే వీళ్లలో చాలామంది కిలో కొత్తావకాయ కొన్నారు. ఆ సీసా ఖాళీ అయ్యేదాకా మళ్లీ రారేమోనని నాకు అనుమానం.

క్యాష్ సంగతి: జీఎస్టీతో కలిపి రూ.7.08 లక్షలు బయటికెళ్లాయి. 1.08 లక్షల క్రెడిట్ ఈ నెల 20న రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. మొదటి ఆర్డర్ల నుంచి వెనక్కొచ్చేది 3.60 లక్షలు, అందులో సీఓడీ డబ్బు కొరియర్‌వాళ్లు పది రోజులు ఆలస్యంగా ఇస్తారు. మిగిలిన 2.40 లక్షలు నవంబరు దాకా ఇరుక్కున్నట్టే. అసలే వేసవిలో కొన్న మామిడికాయ, కారం, నూనెల డబ్బంతా గోడౌన్‌లో జాడీల్లో ఉంది.

అందుకే జూలై బడ్జెట్ రూ.4.80 లక్షలకు తగ్గిద్దామంటున్నాను. మన పేరు కొట్టి వెతికేవాళ్లకు గూగుల్‌లో చూపించే ప్రకటన (60 వేలు) అక్కర్లేదు. మేలో రెండు వారాలు ఆపి చూస్తే ఆర్డర్లు తగ్గలేదు. 100 గ్రాముల శాంపిల్ ప్యాక్ ప్రకటన (ఇంకో 60 వేలు) కూడా ఆపేద్దాం. నిన్న నేను గొప్పగా చెప్పిన క్లిక్కుల్లో ఎక్కువ దానివే, కొన్నవాళ్లు మాత్రం మళ్లీ రావడం లేదు. సీఓడీకి రూ.100 అడ్వాన్సు పెడితే ఆర్డర్లు కొన్ని పోతాయి, తిరిగొచ్చే పార్సిళ్లూ తగ్గుతాయి. ముందు ఒక్క హైదరాబాద్‌లో పెట్టి చూస్తాను.

షీట్ జత చేశాను. రూ.350 ఖర్చు అంకె పాత నూనె ధరతో వేసింది, దాన్ని మీరొకసారి సరిచూడండి. సరేనంటే రేపటి నుంచే ఆ రెండు ప్రకటనలూ ఆపేస్తాను.

ఇట్లు,
మార్కెటింగ్ విభాగం