అర హెచ్‌పీ మోనోబ్లాక్ పంపు: స్క్రాప్‌తో కలిపి కాస్ట్ రోలప్, 200 పంపుల లాట్‌కు

పర్చేజ్, ప్రొడక్షన్, సేల్స్ ముగ్గురికీ కలిపి రాస్తున్నాను. 200 పంపుల లాట్ మీద ఒక్కో పంపు స్టాండర్డ్ కాస్ట్ రూ. 3,087.06. పాత షీటులో ఇదే పంపు 3,167.19 చూపించేది, ఎందుకంటే అందులో స్క్రాప్ ఎక్కడ పోతుందో చూడకుండా చివర్లో మొత్తం మీద 5 శాతం వేసి వదిలేశారు. తేడా 80.13. కొటేషన్‌లో ఒక పంపు మీద ఎనభై రూపాయలు ఊరికే మోస్తే ఆర్డర్ చేజారిపోతుంది. పైగా ఆ 5 శాతం చూసి ఏ మెషిన్ దగ్గర ఏం సరిచేయాలో ఎవరికీ తెలియదు. అందుకే ఈసారి ప్రతి లెవెల్‌లో పోయేదాన్ని ఆ లెవెల్‌లోనే లెక్కలో పెట్టాను.

లెక్క అడుగు నుంచి పైకి. మెటీరియల్, దాని మీద పని, అక్కడి రిజెక్షన్ కలిపితే ఆ పార్ట్ ఖరీదు వస్తుంది, అది పై అసెంబ్లీకి మెటీరియల్ అవుతుంది. అన్నిచోట్లా ఒకటే సూత్రం:

```
C = (B - s*R) / (1 - s)
```

B అంటే ఆ దశ దాకా పెట్టిన ఖర్చు, s రిజెక్షన్ రేటు, R రిజెక్టయిన ఒక్క పీసును అమ్మితే వచ్చే డబ్బు, C మంచి పీసు ఒక్కటి మనకు పడే ఖర్చు. (1 + s)తో గుణించడం కాదు, (1 - s)తో భాగించడం అని ప్రత్యేకంగా చెబుతున్నాను. 10 శాతం పోయే చోట 110 పీసులు మొదలుపెడితే చేతికొచ్చేది 99, వంద కాదు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో స్క్రాప్ ఫీల్డు గుణించే పద్ధతిలోనే పనిచేస్తుంది. అలాంటి చోట 6 శాతానికి 6.38 అని ఎంటర్ చేయాలి.

మొదట షీటు. స్టేటర్ స్టాంపింగ్ నడుమ పడే ముక్కలోంచే రోటర్ స్టాంపింగ్ వస్తుంది కాబట్టి రెండింటికీ షీటు ఒకటే. ఒక సెట్టుకు 4.2 కిలోలు, కిలో 95 చొప్పున 399.00. ఇందులో స్టేటర్‌కు 2.5, రోటర్‌కు 0.9 కిలోలు పోతాయి. మిగిలిన 0.8 కిలో జల్లెడలా మిగిలే షీటు, మూలల ముక్కలు. దాన్ని కిలో 32కు అమ్ముతాం, 25.60 వెనక్కి వస్తుంది. నికరంగా 373.40, బరువు ప్రకారం పంచితే స్టేటర్‌కు 274.56, రోటర్‌కు 98.84. ఆ 0.8 కిలోను మళ్లీ స్క్రాప్ శాతంలో వేయకండి, అది 4.2లో ముందే ఉంది. రెండుసార్లు లెక్కపడేది ఎక్కువగా ఇక్కడే.

స్టేటర్ స్టాంపింగులు పేర్చిన దొంతర, అంటే స్టేటర్ స్టాక్‌కు ప్రెస్సు పని 22.00 కలిపి 296.56, ప్రెస్సు దగ్గర 2 శాతం పోతే 302.61. రాగి తీగ నికరంగా 0.62 కిలో, కిలో 980. వైండింగ్‌లో కొసలు 3 శాతం పోతాయి కాబట్టి 0.6392 కిలో తీయాలి, 626.39. ఆ కొసలు అమ్మితే 11.51, పోగా 614.88. ఇన్సులేషన్ పేపరు, స్లీవులు 38.00, 4 శాతంతో 39.58. వార్నిష్ 31.20, ట్యాంకులో మిగిలి గట్టిపడేది 10 శాతం ఉంది కాబట్టి 34.67. వైండింగ్‌కు 0.45 గంట, గంటకు 180 చొప్పున 81.00, వార్నిష్ ముంచి ఓవెన్‌లో పెట్టడానికి 18.00. అన్నీ కలిపి 1,090.74. ఆ తర్వాత హై వోల్టేజ్ టెస్ట్‌లో 1.5 శాతం పోతున్నాయి. ఒక్క స్టేటర్ పోయిందంటే రాగి, షీటు, కూలీ అన్నీ పోయినట్టే. వార్నిష్ పట్టిన రాగికి, షీటుకు కలిపి 375 వస్తుంది. సూత్రంలో వేస్తే స్టేటర్ అసెంబ్లీ 1,101.64.

రోటర్ స్టాక్ 106.84 (ప్రెస్సు పని 8.00తో), అల్యూమినియం 0.35 కిలో, కరిగించేటప్పుడు 5 శాతం పోయి 84.74, క్యాస్టింగ్ పని 30.00, మొత్తం 221.58. క్యాస్టింగ్‌లో 4 శాతం పోతున్నాయి. బార్లు సగంలో ఆగిపోవడం, లోపల గాలి బుడగలు ఇవే కారణాలు. పోయిన రోటర్‌కు పీసుకు 30 మాత్రమే వస్తుంది, అల్యూమినియం ఇనుము కలిసిపోయాక ఎవరూ మంచి రేటు ఇవ్వరు. 229.56.

షాఫ్ట్ దగ్గర కాస్త ఆగాలి. షాఫ్ట్ 260 మి.మీ., కోతకు, ఫేసింగ్‌కు 6 కలిపి 266. బార్ 3,000 మి.మీ., 7.4 కిలోలు, కిలో 210 చొప్పున 1,554. డ్రాయింగ్ చూసి 266 మి.మీ. వేస్తే 137.79 వస్తుంది. కానీ ఒక బార్‌లో 11 షాఫ్ట్‌లే పడతాయి, చివర 74 మి.మీ. ముక్క ఎందుకూ పనికిరాదు, దాన్ని మనం కొన్నాం కదా. 1,554ను 11తో భాగించి 141.27 వేశాను. ఇది రిజెక్షన్ కాదు, శాతాల్లో ఎక్కడా కనపడదు, అయినా ఒక్కో షాఫ్ట్‌కు 3.48 పడుతోంది. మిల్లు వేరే పొడవు ఇస్తుందేమో పర్చేజ్ అడిగి చూడాలి. టర్నింగ్, గ్రైండింగ్ 66.00, గ్రైండింగ్‌లో 3 శాతం, షాఫ్ట్ 213.68. బేరింగులు రెండు 124, బిగించేటప్పుడు దెబ్బతినేవి అర శాతం, 124.62. ప్రెస్ ఫిట్, బ్యాలెన్సింగ్ 28.00. మొత్తం 595.86, బ్యాలెన్సింగ్‌లో 1 శాతం పోయి రోటర్ అసెంబ్లీ 601.88.

కేసింగ్ మీద గొడవ వస్తుందని తెలుసు కాబట్టి వివరంగా రాస్తున్నాను. కాస్టింగ్ 3.8 కిలోలు, కిలో 92, అంటే 349.60. మెషినింగ్ 60.00. మెషినింగ్ అయ్యాక బ్లో హోల్స్ బయటపడి 6 శాతం రిజెక్ట్ అవుతున్నాయి, నిజమే. కానీ ఆ కాస్టింగ్‌లను సప్లయర్ వెనక్కి తీసుకుని బదులు ఇస్తాడు, మనకు పోయేది దాని మీద చేసిన పని మాత్రమే. అందుకని 60.00ను 0.94తో భాగించి 63.83, మొత్తం 413.43. కాస్టింగ్‌ను కూడా కలిపి భాగిస్తే 435.74 వచ్చేది, పీసుకు 22.31 లేని ఖర్చు. సప్లయర్ ఒప్పందం మారితే ఈ లైను మారుతుంది. పర్చేజ్ వాళ్లు ఆ సంగతి ముందుగా చెప్పాలి.

| లైను | రూ. |
|---|---|
| స్టేటర్ అసెంబ్లీ | 1,101.64 |
| రోటర్ అసెంబ్లీ | 601.88 |
| కేసింగ్ | 413.43 |
| ఇంపెల్లర్ (118.00, 1 శాతం) | 119.19 |
| మెకానికల్ సీల్ (145.00, 2 శాతం) | 147.96 |
| మోటార్ బాడీ, ఎండ్ షీల్డ్, ఫ్యాన్ కవర్ | 285.00 |
| కెపాసిటర్, టెర్మినల్ బాక్స్, వైర్లు (154.00, 0.5 శాతం) | 154.77 |
| బోల్టులు, ఓ రింగులు (26.00, 5 శాతం) | 27.37 |
| అసెంబ్లీ పని, 0.6 గంట | 108.00 |
| పెయింట్ | 24.00 |
| ఉప మొత్తం | 2,983.24 |
| ఫైనల్ టెస్ట్ | 15.00 |
| రీవర్క్ | 4.75 |
| ప్యాకింగ్ మెటీరియల్ (62.00, 2 శాతం) | 63.27 |
| ప్యాకింగ్ పని | 10.00 |
| సెట్టింగ్ ఖర్చు | 10.80 |
| ఒక పంపు | 3,087.06 |

సీల్‌కు 2 శాతం ఎందుకంటే సిరామిక్ ముఖం బిగించేటప్పుడు పగులుతుంది, పగిలితే ఇక అంతే. బోల్టులకు 5 శాతం అంటే కింద పడి పోయేవే, తగ్గించమని దాని వెంట పడనక్కర్లేదు.

రీవర్క్ లైను చూడండి. ఫైనల్ టెస్ట్‌లో మొదటిసారి 2.5 శాతం పంపులు ఫెయిలవుతున్నాయి, లీకేజీయో శబ్దమో. వాటిని విప్పి, సరిచేసి, మళ్లీ టెస్ట్ చేసి పంపిస్తాం, సగటున పంపుకు 190 అవుతుంది. అందుకే 190లో 2.5 శాతం, 4.75. దీన్నే స్క్రాప్ అనుకుని, ఫైనల్ టెస్ట్‌తో కలిపిన 2,998.24ను 0.975తో భాగిస్తే, ఈ 4.75 పోను 72.13 పెరిగేది. బాగుచేసి అమ్మే పంపును పారేసినట్టు లెక్క వేయకూడదు. సెట్టింగ్‌కు లాట్ మొత్తానికి 9 గంటలు, గంట 240 చొప్పున 2,160, దాన్ని 200తో భాగించాను. సేల్స్ వాళ్లు 50 పంపుల ఆర్డర్‌కు ఈ షీటు వాడొద్దు, అప్పుడు ఈ ఒక్క లైనే 43.20 అవుతుంది.

స్క్రాప్, రీవర్క్ ఏమీ లేకపోతే పంపు 3,016.37. అంటే రెండూ కలిపి 70.69, దాని మీద 2.34 శాతం. ఈ 70.69లో స్టేటర్ 29.28, రోటర్ 25.27. మిగతావన్నీ కలిపినా పదహారు రూపాయల చిల్లర.

రాగి రేటు కిలోకు 50 పెరిగి కొసల రేటు అక్కడే ఉంటే పంపుకు 32.45 పెరుగుతుంది. రాగి అంతకంటే ఎక్కువ కదిలితే ఈ షీటు మళ్లీ వేస్తాను, అప్పటిదాకా కొటేషన్లు దీని మీదే.

ఇప్పుడు లాట్‌కు సరుకు ఎంత తీయాలో. 200 పంపులకు 204 స్టేటర్లు వైండింగ్ చేయాలి, దానికి 209 స్టాక్‌లు కావాలి. రోటర్లు 203 అసెంబుల్ చేయాలి, క్యాస్టింగ్‌లో 4 శాతం పోతుంది కాబట్టి 212 స్టాక్‌లు కావాలి. స్టేటర్, రోటర్ స్టాంపింగులు ఒకే షీటులోంచి జంటగా వస్తాయి. అంటే 209 సెట్లు కొడితే మూడు రోటర్లు తక్కువ పడతాయి. కాబట్టి 212 సెట్లు కొట్టండి, షీటు 890.4 కిలోలు. మిగిలిన మూడు స్టేటర్ సెట్లు తర్వాతి లాట్‌కు వెళ్తాయి, కానీ తర్వాతి లాట్‌లోనూ ఇదే జరుగుతుంది, అలా పేరుకుపోతాయి. ఆ ఖర్చు 3,087.06లో లేదు, వేరియన్స్ కింద విడిగా చూపిస్తాను.

రోటర్ క్యాస్టింగ్ రిజెక్షన్ 4 నుంచి 2 శాతానికి దిగితే పంపుకు 4.11 తగ్గుతుంది. అది చిన్నదే. కానీ అప్పుడు రోటర్ స్టాక్‌లు 208 చాలు, 209 స్టేటర్ స్టాక్‌లతో సరిపోతుంది, స్టేటర్ సెట్లు పేరుకోవడం ఆగిపోతుంది. ప్రొడక్షన్ వాళ్లు ఈ లాట్‌లో ముందుగా చేతిలోకి తీసుకోవలసింది ఇదే. డై వేడి, మెటల్ వేడి, ఏ కారణంతో ఎన్ని పోయాయి అన్నవి షిఫ్టు షిఫ్టుకూ రాసిపెట్టండి, లాట్ ముగిశాక ఆ అంకెలతోనే s మారుస్తాను, ఊహతో కాదు.