సార్వా ధాన్యం అమ్మే రైతులకు గమనిక

సోమవారం నుంచి మన రైతు సేవా కేంద్రంలో ధాన్యం కొంటారు. పై నుంచి వచ్చిన సర్క్యులర్‌లోని విషయం ఇదీ.

2025-26 మద్దతు ధర క్వింటాలుకు సాధారణ రకం 2,369 రూపాయలు, ఏ గ్రేడు 2,389. అంటే 75 కిలోల బస్తాకు సుమారు 1,777, 1,792.

పేచీ వచ్చేది తేమ దగ్గరే. "తేమ 17 శాతం మించరాదు" అన్నారు. మిషన్ కోసిన ధాన్యం పచ్చిగా ఉంటుంది, అదే రోజు బస్తాలకెత్తితే వేడెక్కి రంగు మారుతుంది. కళ్ళంలో పలచగా ఆరబోసి, గంటకోసారి కాలితో తిరగేయండి. మంచు దిగకముందే కుప్ప చేసి బరకం కప్పండి. గింజ కొరికితే టక్కున విరగాలి, నలిగితే ఇంకా ఆరలేదన్నట్టు. అయినా నోటి లెక్క చాలదు. లోడు ఎత్తే ముందే, కుప్ప పైనా అడుగునా తీసిన గుప్పెడు గింజలు కలిపి తెచ్చి కేంద్రంలో మిషన్ మీద చూపించుకోండి. తిరిగొచ్చిన లోడు కిరాయి మీ నెత్తినే పడుతుంది.

మట్టి, రాళ్ళు 1 శాతం, తాలు, గడ్డి 1 శాతం దాటకూడదు. తూర్పారపట్టి తెండి.

ఈ-క్రాప్‌లో పేరుండి, వేలిముద్ర పడి ఉండాలి. చేను కౌలుదారు చేస్తుంటే పంట ఆయన పేరునే నమోదైందో లేదో ఇప్పుడే చూసుకోండి. యజమాని పేరుంటే డబ్బు ఆయన ఖాతాకే పోతుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు తప్పనిసరి.

గోనె సంచులు కేంద్రంలోనే ఇస్తారు.

చదవలేని వారికి దయచేసి చదివి వినిపించండి.

– గ్రామ సచివాలయం