సర్వీస్ మాన్యువల్, 6వ అధ్యాయం: గ్యాస్ ఛార్జింగ్, సూపర్‌హీట్, కంప్రెసర్ షార్ట్ సైక్లింగ్

వర్తించే మోడల్: 1.5 టన్ను ఫిక్స్‌డ్ స్పీడ్ స్ప్లిట్ ఏసీ, ఆర్-32 గ్యాస్, క్యాపిలరీ. ఇన్వర్టర్ మోడళ్లలో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది కాబట్టి 6.3లోని పట్టిక వాటికి పనికిరాదు. వాటికి తూకం ఒక్కటే ఆధారం.

6.1 జాగ్రత్త

ఆర్-32కి కొద్దిగా మంటపట్టే గుణం ఉంది. అది గాలికన్నా బరువు, లీకైతే నేలమట్టంలో చేరుతుంది. తలుపులు, కిటికీలు తెరిచాకే పని మొదలుపెట్టండి. బ్రేజింగ్ చేయాలంటే ముందు గ్యాస్ మొత్తం రికవరీ సిలిండర్‌లోకి తీసి, పైపులో నైట్రోజన్ పంపుతూ చేయాలి. లీక్ పరీక్షకు పొడి నైట్రోజన్ మాత్రమే వాడాలి. ఆక్సిజన్ గానీ గాలి కంప్రెసర్ గానీ వాడితే పేలుడు ప్రమాదం ఉంది. ఆర్-22 మెషీన్‌లో ఆర్-32 ఎక్కించకూడదు. ప్రెషర్, ఆయిల్, విడిభాగాలు అన్నీ వేరు.

6.2 గ్యాస్ ఎంత ఎక్కించాలి

5 మీటర్ల పైపు వరకు 900 గ్రాములు. ఆపైన ప్రతి మీటరుకు 20 గ్రాములు కలపాలి. పైపు 9 మీటర్లుంటే 900 + 4 × 20 = 980 గ్రాములు. పైపు పొడవు 15 మీటర్లు దాటకూడదు.

గ్యాస్ దానంతట అది తరిగిపోదు. తక్కువైందంటే ఎక్కడో లీకుంది. ఏటా వేసవిలో కాస్త గ్యాస్ కొట్టించుకోవడం అలవాటైన కస్టమర్‌కు ఈ మాట సూటిగా చెప్పండి. ముందు ఫ్లేర్ నట్లు, సర్వీస్ వాల్వ్ మూతలు, ఇండోర్ కాయిల్ వంపులు సబ్బునీళ్లతో చూడండి. నూనె మరక కనిపించిన చోటే లీకుండే అవకాశం ఎక్కువ.

లీక్ మూసి, నైట్రోజన్‌తో పరీక్షించాక వాక్యూమ్ పంప్ పెట్టండి. 500 మైక్రాన్లకు దిగాక పంపు వాల్వ్ మూసి 10 నిమిషాలు ఆగండి. రీడింగ్ ఆగకుండా పెరుగుతూ పోతే ఇంకా లీకుంది. కొంత పెరిగి ఒకచోట నిలిచిపోతే లోపల తడి ఉంది, పంపు మళ్లీ నడపండి. ముల్లు గేజి ఈ తేడా చూపలేదు, మైక్రాన్ గేజి కావాలి. తర్వాత సిలిండర్‌ను తూకంపై పెట్టి గ్యాస్ వదలండి. వాక్యూమ్ దానంతట అది లాక్కున్నంత గ్యాస్ లోపలికి వెళ్లాక కంప్రెసర్ ఆన్ చేసి, మిగిలింది సక్షన్ పోర్టు నుంచి కొద్దికొద్దిగా ఎక్కించండి. ద్రవం ఒక్కసారిగా వెళ్తే కంప్రెసర్ వాల్వులు దెబ్బతింటాయి.

6.3 సూపర్‌హీట్ కొలవడం

ఇండోర్ కాయిల్‌లో ద్రవమంతా ఆవిరైపోయాక ఆ ఆవిరి ఇంకా ఎన్ని డిగ్రీలు వేడెక్కిందో అదే సూపర్‌హీట్. కంప్రెసర్‌కు ద్రవం చేరడం లేదని, కాయిల్ అంతా పనిచేస్తోందని రెండూ ఈ ఒక్క అంకెతో తెలుస్తాయి.

ఫిల్టర్లు కడిగి, ఫ్యాన్ హై స్పీడ్‌లో పెట్టి, మెషీన్‌ను కనీసం 15 నిమిషాలు ఆపకుండా నడిపించండి. సక్షన్ ప్రెషర్ చూసి, దానికి సరిపడే ఉష్ణోగ్రతను గేజిపై ఆర్-32 స్కేల్‌లో చదవండి. 103 పీఎస్‌ఐకి 0 డిగ్రీలు, 123కి 5, 146కి 10 డిగ్రీల సెల్సియస్. పక్కనే లావు పైపుకు థర్మామీటర్ క్లిప్పు పెట్టి, ఎండ తగలకుండా ఇన్సులేషన్ చుట్టండి. పైపు ఉష్ణోగ్రతలోంచి గేజి ఉష్ణోగ్రత తీసేస్తే సూపర్‌హీట్ వస్తుంది.

క్యాపిలరీ మెషీన్‌లో ఈ అంకె స్థిరంగా ఉండదు. బయటి వేడితో, గదిలోని తేమతో మారుతుంది. గది తడి ఉష్ణోగ్రతకు ప్రత్యేక మీటర్ లేకపోతే థర్మామీటర్ బల్బుకు తడి నూలుగుడ్డ చుట్టి, ఇండోర్ యూనిట్ గాలి పీల్చుకునే చోట పట్టుకోండి. బయటి ఉష్ణోగ్రతను నీడలోనే కొలవాలి. ఉండాల్సిన సూపర్‌హీట్, డిగ్రీల సెల్సియస్‌లో:

| బయట | గది తడి 18 | గది తడి 20 | గది తడి 22 |
|---|---|---|---|
| 30 | 8 | 11 | 14 |
| 35 | 5 | 8 | 11 |
| 40 | తూకమే | 6 | 9 |

2 డిగ్రీలు అటూఇటూ ఉంటే ఫర్వాలేదు. ‘తూకమే’ అన్న గడిలో సూపర్‌హీట్ చూసి గ్యాస్ ఎక్కించకండి, తేడా మరీ చిన్నది. రామగుండం, రెంటచింతల వైపు మే నెల మధ్యాహ్నాల్లో తరచూ ఈ పరిస్థితే ఎదురవుతుంది.

6.4 ప్రెషర్ ఒకటే, జబ్బులు రెండు

ఫీల్డ్‌లో తరచూ జరిగే తప్పు ఇక్కడే. సక్షన్ ప్రెషర్ తక్కువగా కనిపించగానే చేయి సిలిండర్ మీదికి పోతుంది. బయట 35, గది తడి 20 ఉన్న రోజున గేజి 103 చూపిస్తోందనుకోండి. ఉండాల్సిన సూపర్‌హీట్ 8. లావు పైపు 19 డిగ్రీలుంటే సూపర్‌హీట్ 19, కాయిల్‌కు గ్యాస్ చాలడం లేదు. లీకు కావచ్చు, క్యాపిలరీ మూసుకుపోయి ఉండొచ్చు. అదే 103 దగ్గర పైపు 1 డిగ్రీ ఉంటే సూపర్‌హీట్ 1. గ్యాస్ తక్కువేం కాలేదు, కాయిల్ మీదికి గాలి రావడం లేదు. ఫిల్టర్, బ్లోవర్, కాయిల్ మీది మురికి చూడండి. అలాంటి మెషీన్‌లో ఇంకా గ్యాస్ ఎక్కిస్తే ద్రవం నేరుగా కంప్రెసర్‌లోకి వెళ్లి ఆయిల్‌ను పల్చన చేస్తుంది, బేరింగులు అరుగుతాయి.

ప్రెషర్ ఎక్కువగా ఉండి, సూపర్‌హీట్ సున్నాకు దగ్గరగా, కంప్రెసర్ అడుగంతా చెమట పట్టి ఉంటే గ్యాస్ ఎక్కువైంది. రికవరీ చేసి తూకంతో మళ్లీ ఎక్కించండి. గాల్లోకి వదిలి సరిచేయవద్దు.

6.5 షార్ట్ సైక్లింగ్

కంప్రెసర్ కొద్ది నిమిషాలకే ఆగుతూ, మళ్లీ ఆన్ అవుతూ ఉంటే షార్ట్ సైక్లింగ్. ముందుగా తేల్చాల్సింది దాన్ని ఎవరు ఆపుతున్నారన్నది. క్లాంప్ మీటర్ పెట్టి అవుట్‌డోర్ యూనిట్ దగ్గర నిలబడండి.

*ఫ్యాన్, కంప్రెసర్ రెండూ ఒకేసారి ఆగితే* ఆజ్ఞ ఇండోర్ బోర్డు నుంచి వస్తోంది. రూమ్ సెన్సార్ క్లిప్పులోంచి జారి కాయిల్‌కు తగులుతోందా, చల్లగాలి కర్టెన్‌కో బీరువాకో కొట్టుకుని వెంటనే వెనక్కి వస్తోందా చూడండి. చిన్న గదికి పెద్ద మెషీన్ బిగించినా ఇదే లక్షణం. అప్పుడు రిపేర్ చేయడానికి ఏమీ ఉండదు, ఆ సంగతి కస్టమర్‌కు చెప్పి జాబ్ కార్డులో రాయండి.

*ఫ్యాన్ తిరుగుతూనే ఉండి కంప్రెసర్ ఒక్కటే ఆగితే* ఓవర్‌లోడ్ ట్రిప్ అవుతోంది. ఈ వరుసలో చూడండి:

1. అవుట్‌డోర్ కాయిల్‌లో దుమ్ము, వేడిగాలి బయటికి పోనివ్వని గోడ లేదా గ్రిల్.
2. కంప్రెసర్ నడుస్తుండగా టెర్మినళ్ల దగ్గర వోల్టేజి. 207 నుంచి 253 మధ్య ఉండాలి. మీటరు బోర్డు దగ్గర కొలిచిన అంకె లెక్కలోకి రాదు.
3. కెపాసిటర్. డిశ్చార్జ్ చేశాకే కొలవండి. దాని మీద రాసిన విలువకన్నా 5 శాతానికి మించి తగ్గితే మార్చండి.
4. సూపర్‌హీట్. గ్యాస్ తక్కువైనా ట్రిప్ అవుతుంది, ఎందుకంటే మోటారును చల్లబరిచేది తిరిగి వచ్చే గ్యాసే.

కంప్రెసర్ అసలు స్టార్ట్ కాకపోతే వెంటనే కాలిపోయిందని చెప్పకండి. పవర్ తీసి, వైర్లు విప్పి, ఓమ్స్ కొలవండి. ‘ఆర్’–‘ఎస్’ మధ్య రీడింగ్ ఉండి, ‘సి’ నుంచి రెండింటికీ ఓపెన్ చూపిస్తే లోపలి ఓవర్‌లోడ్ తెరుచుకుని ఉంది. కంప్రెసర్ పూర్తిగా చల్లారడానికి గంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. చల్లారాక మళ్లీ కొలవండి. ‘సి’–‘ఆర్’, ‘సి’–‘ఎస్’ రెండు రీడింగుల మొత్తం ‘ఆర్’–‘ఎస్’కు సమానమై, బాడీకి ఎర్త్ చూపకపోతే వైండింగ్ బాగానే ఉన్నట్టు. పూర్తిగా చల్లారాక కూడా ‘సి’ ఓపెన్‌గానే ఉంటే కంప్రెసర్ మార్చాలి.

పవర్ పోయి వచ్చినప్పుడు కనీసం 3 నిమిషాల విరామం ఉండాలి. రెండు వైపుల ప్రెషర్ సమానం కాకముందే స్టార్ట్ చేస్తే కంప్రెసర్ కదలక మళ్లీ ట్రిప్ అవుతుంది. బోర్డులోని టైమర్‌ను తీసేసి నేరుగా కలిపిన మెషీన్ కనిపిస్తే, టైమర్ తిరిగి పెట్టాకే పని ముగించండి.